2022 వాళ్లు కూడా రావచ్చా మేడం

కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు మీద శ్రీ భవనాశి డిగ్రీ కాలేజీలో మెట్ల కింద ఒక గది ఉంది. ఒకప్పుడు అందులో ఆటల సామాన్లు పెట్టేవాళ్లు. ఇప్పుడు తలుపు మీద ‘ప్లేస్‌మెంట్ సెల్’ అని బోర్డు ఉంది. లోపల ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, రెండు బీరువాలు, వాటి మధ్యలో హిమబిందు. పిల్లలు మెట్లెక్కి దిగినప్పుడల్లా ఆమె నెత్తి మీద నడిచినట్టే చప్పుడవుతుంది. పదహారేళ్లుగా ఆ చప్పుడు వినీ వినీ, ఎక్కేది ఆడపిల్లా మగపిల్లవాడా, క్లాసుకు ఆలస్యమైందా లేక తీరుబడిగా పోతున్నారా, తలెత్తకుండానే చెప్పగలదు.

హిమబిందుది ప్రొద్దుటూరు. కోమట్ల ఇంటి పిల్ల. ఇదే కాలేజీలో బీకాం చదివి, 2009లో పరీక్షలు రాసి ఊరికి పోబోతుంటే, "రెండు నెలలు కూర్చోమ్మా, కొత్త మనిషి దొరికేదాకా" అన్నాడు అప్పటి ప్రిన్సిపాలు. ఆ కొత్త మనిషి ఇంతవరకూ దొరకలేదు. మధ్యలో వాళ్లమ్మ పోయింది. సంబంధాలు వచ్చినట్టే వచ్చి ఆగిపోయాయి. ఎందుకు ఆగాయని అడిగినవాళ్లకు ఆమె "జాతకాలు" అంటుంది, అడగనివాళ్లకు అదీ చెప్పదు. ప్రొద్దుటూరులోనే ఉన్న అన్న ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్‌లో ఎక్కువసేపు వినపడేది వాళ్ల పిల్లల గోల. కర్నూలు సీ క్యాంపులో మేడ మీద ఒక గది తీసుకుని ఉంటుంది. పొద్దున ఉగ్గాని చేసుకుంటే సగం పొద్దునకు, సగం మధ్యాహ్నం డబ్బాకు. ఒక్క మనిషికి వండటమంత కష్టం ఇంకొకటి లేదు. ఎంత తక్కువ బొరుగులు నానబెట్టినా మిగులుతూనే ఉంటాయి.

ఆమె పనల్లా పిల్లలను పంపించడం. కంపెనీలతో మాట్లాడి వాళ్లను రప్పించేది ప్లేస్‌మెంట్ ఆఫీసరు శివశంకర్ సారు. కంపెనీలు పంపిన మెయిళ్లు చదివి, ఎవరికి అర్హత ఉందో, ఏమేమి తెచ్చుకోవాలో, ఎన్ని గంటలకు రావాలో పోస్టు తయారుచేసి, ప్రతి బ్యాచి వాట్సాప్ గ్రూపులోనూ పెట్టేది హిమబిందు. ఒక్కో బ్యాచికి ఒక్కో గ్రూపు. ఉద్యోగం వచ్చినవాళ్లు గ్రూపులోంచి వెళ్లిపోతారు. వాళ్లది తప్పు కాదు, ఉద్యోగం దొరికిన మనిషికి ఉద్యోగాల గ్రూపు ఎందుకు? 2022 బ్యాచి గ్రూపులో మొదట నూట ఎనభై మంది ఉండేవాళ్లు. ఇప్పుడు పదకొండు మంది. ఆ పదకొండు మంది పేర్లూ హిమబిందుకు నోటికి వచ్చు. మిగతా గ్రూపుల్లో పోస్టు పెట్టి ఊరుకుంటుంది గానీ, ఈ పదకొండు మందికి మాత్రం విడివిడిగా, పేరుపేరునా కూడా పంపుతుంది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఆమే పెట్టుకున్న పని.

ఆ పదకొండు మందిలో తిరిగి మాట్లాడేది శివజ్యోతి ఒక్కతే. కోడుమూరు పిల్ల. ఆ పిల్ల డిగ్రీలో ఉన్నప్పుడు సగం కాలం కరోనా మింగేసింది. ఆ తర్వాత పరీక్షలకు వచ్చి రాసి పోయింది. అందుకని హిమబిందు ఆ పిల్ల ముఖం ఎప్పుడూ సరిగ్గా చూసింది లేదు. ఫోటో స్థానంలో మందార పువ్వు ఉంటుంది. పోస్టు పంపినప్పుడల్లా "థాంక్యూ మేడం, ఈసారి కుదరదు, అవ్వకు బాగలేదు" అని జవాబు. మూడేళ్లలో పద్నాలుగు పోస్టులు, పద్నాలుగు జవాబులు. పండక్కి శుభాకాంక్షలు కూడా పంపుతుంది. హిమబిందు ఫోన్‌కు పేరు పెట్టి పండగ శుభాకాంక్షలు పంపేవాళ్లు ఇద్దరే, ఒకరు శివజ్యోతి, రెండోది బ్యాంకు.

ఈసారి జాబ్ మేళా నవంబరులో శనివారం అని ఖాయమైంది. నాలుగు కంపెనీలు. మూడు పెద్దవి: బెంగళూరు కాల్ సెంటరు, హైదరాబాదు మందుల కంపెనీ, బ్యాంకు లోన్ల ఏజెన్సీ. నాలుగోది యర్రగుంట్లలో కడప బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ. పెద్ద కంపెనీలు మూడూ మెయిళ్లు పంపాయి. బండల ఫ్యాక్టరీ యజమాని రామకోటయ్య మాత్రం కాగితం మీద చేత్తో రాసి, కొరియరులో పంపించాడు.

పోస్టు తయారుచెయ్యడంలో హిమబిందుకు ఒక పద్ధతి ఉంది. ప్లేస్‌మెంట్ సెల్లుల్లో అందరిదీ అదే పద్ధతి. పోయినేడాది పోస్టు తీస్తారు, తేదీ మారుస్తారు, కంపెనీల పేర్లు మారుస్తారు. పాసైన సంవత్సరాల దగ్గర వెనక ఒకటి చేర్చి, ముందు ఒకటి తీసేస్తారు. కంపెనీకో షరతు రాస్తే పిల్లలు తికమకపడతారని, నాలుగింటికీ కలిపి ఒకటే అర్హత రాస్తారు. అట్లా తయారైన పోస్టు ఇది:

క్యాంపస్ జాబ్ మేళా. శనివారం, కాలేజీ సెమినార్ హాలు. అర్హత: బీఏ, బీకాం, బీఎస్సీ, బీసీఏ 2022, 2023, 2024, 2025లో పాసైనవారు. పది, ఇంటరు, డిగ్రీలలో 50 శాతం. బ్యాక్‌లాగులు ఉండరాదు. తేవలసినవి: రెజ్యూమే 5 కాపీలు, ఆధార్, పాన్, పది, ఇంటరు, డిగ్రీ మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, ఒరిజినల్సుతో పాటు ఒక సెట్టు జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటోలు 4. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోవాలి, ఎవరికీ ఇవ్వరాదు. రిజిస్ట్రేషన్ ఉదయం 8.30 నుంచి 10.30 వరకు. రాత పరీక్ష 11.15. ఇంటర్వ్యూలు మధ్యాహ్నం 1.30 నుంచి. 10.30 తర్వాత వచ్చినవారిని అనుమతించరు. ప్రవేశం ఉచితం.

శివశంకర్ సారుకు పంపితే పైకెత్తిన బొటనవేలి బొమ్మ వచ్చింది. చదివి పెట్టాడో, చదవకుండానే పెట్టాడో ఆ వేలికే తెలియాలి. హిమబిందు గ్రూపుల్లో పెట్టింది. పదకొండు మందికీ విడిగా పంపింది.

పది నిమిషాలకు శివజ్యోతి దగ్గర నుంచి మెసేజి. "మేడం, నిజంగా 2022 వాళ్లు కూడా రావచ్చా? యాడ చూసినా 2023 నుంచే అంటాండారు."

హిమబిందు అప్పుడు డబ్బాలో ఉగ్గాని తింటోంది. ఎడమచేత్తో జవాబు కొట్టింది. "పోస్టులో ఉండాది గదా తల్లీ. తప్పకుండా రా. అవ్వకు ఎట్లుంది?"

"అవ్వ పోయింది మేడం. శ్రావణంలో."

హిమబిందు జవాబు రెండుసార్లు రాసి చెరిపింది. చివరికి "శనివారం రా. నేను ఈడనే ఉంటా" అని పంపింది. కంపెనీల మెయిళ్ల ప్రింట్లు బీరువాలోనే ఉన్నాయి. లేచి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. వెయ్యలేదు.

శనివారం పొద్దున ఎనిమిదింటికే కాలేజీ గేటు దగ్గర జనం. గుంపులు గుంపులుగా వచ్చారు. ఒకరి కాలరు ఒకరు సర్దుతూ, ఒకరి రెజ్యూమేలో ఒకరు తప్పులు వెతుకుతూ ఉన్నారు. అటెండరు ఓబుళేశు గేటు దగ్గర నిలబడి, "లైనప్పా లైను. జాబు యాడికీ పారిపోదు, మీరే తోసుకోని పడతారు" అంటున్నాడు.

"ఫోటోలు మూడే ఉండాయన్నా" అన్నాడొక పిల్లవాడు.

"నాలుగోది నీ మొగమే గదా, దాన్నే చూపియ్యి" అన్నాడు ఓబుళేశు. లైనంతా నవ్వింది.

ఆ లైనులో ఒంటరిగా నిలబడింది ఒక్క పిల్లే. నీలం రంగు నూలు చుడీదారు, చేతిలో ప్లాస్టిక్ ఫైలు, భుజాన గుడ్డ సంచి. సన్నగా, పొడుగ్గా ఉంది. అందరికంటే నాలుగేళ్లు పెద్దదానిలా కనిపిస్తోంది. నాలుగేళ్లు కాదులే, మూడే. హిమబిందు బల్ల దగ్గరికి వచ్చి, "మేడం, నేను శివజ్యోతిని" అంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మూడేళ్లుగా రాతలోనే మాట్లాడుకున్నవాళ్లు ఎదురుపడటం ఇదే మొదటిసారి.

"మొదటి బస్సుకే వచ్చినావా?"

"మొదటిదే మేడం. స్కూల్లో లీవు అడిగితే ఇయ్యలేదు. పోతే సోమవారం నుంచి రావద్దన్న్యారు. వచ్చేసినా."

కోడుమూరులో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి చెప్పే పని ఆ పిల్లది. అంటే ఉన్న పనిని వదులుకొని ఈ పోస్టును నమ్ముకొని వచ్చింది. హిమబిందు ధైర్యం చెప్పబోయి, ముందు రిజిస్ట్రేషన్ కానిద్దామని, గోడకు అంటించిన క్యూఆర్ కోడు చూపింది. దాన్ని ఫోన్‌తో స్కాన్ చేస్తే ఫారం వస్తుంది. అది పెద్ద కంపెనీల వాళ్లే తయారుచేసి ఇచ్చిన ఫారం. నింపితే టోకెన్ నంబరు వస్తుంది. టోకెన్ లేనిదే పరీక్ష హాల్లోకి పోనివ్వరు.

శివజ్యోతి పేరు, ఊరు, మార్కులు నింపింది. ‘పాసైన సంవత్సరం’ దగ్గర ఆగింది. నొక్కితే మూడే వస్తున్నాయి. 2023. 2024. 2025.

"మేడం, 2022 ల్యాదు ఇందులో."

"కిందికి జరిపి చూడు."

"కింద ఏమీ ల్యాదు మేడం."

హిమబిందు ఫోను తీసుకొని చూసింది. తర్వాత గదికి పోయి బీరువా తీసింది. అప్పుడు వేసింది ఆ నాలుగడుగులు. మూడు మెయిళ్లలోనూ ఒకటే మాట: 2023, 2024, 2025 మాత్రమే. వెనక 2025 చేర్చిన చెయ్యి, ముందున్న 2022ను తీసెయ్యడం మరిచిపోయింది. కాగితాలు పట్టుకొని అక్కడే నిలబడిపోయింది. నెత్తి మీద మెట్లెక్కుతున్న చప్పుడు.

తిరిగి వచ్చేసరికి 2022 వాళ్లు ఇంకో ఇద్దరు మగపిల్లలు బల్ల దగ్గర ఉన్నారు. వాళ్ల వెనక రిజిస్ట్రేషన్‌కు సాయం చేస్తున్న ఫైనలియర్ పిల్ల తేలిగ్గా, "2023 అని కొట్టేయండి అక్కా, ఎవరు చూస్తారు" అంటోంది.

"వద్దు" అంది హిమబిందు. "ప్రొవిజనల్ మీద 2022 అని ఉంటాది. సర్టిఫికెట్లు చూసేకాడ దొరికిపోతారు. అబద్ధం చెప్పినారని పేరు రాసుకుంటారు. మళ్లా ఎప్పటికీ ఆ కంపెనీలోకి రానియ్యరు." ఆ ముగ్గురి వైపూ తిరిగింది. "తప్పు నాది. పోస్టులో 2022 తీసెయ్యాల్సింది, నేను చూసుకోలేదు. ఈ మూడు కంపెనీలకు మీకు అర్హత ల్యాదు."

మగపిల్లల్లో ఒకడు, "పెట్రోలు పోసుకోని ఆదోని నుంచి వచ్చినాం మేడం. మీకేం, కూర్చోని టైపు కొడతారు" అన్నాడు. రెండోవాడు వాడి చెయ్యి పట్టుకొని, "రాప్పా పోదాం" అని లాక్కుపోయాడు.

శివజ్యోతి మాత్రం కదలలేదు. కోపమూ చూపలేదు. ఫైలు గుండెకు ఆనించుకొని, "సరే మేడం. నేను అడిగినా గదా మిమ్మల్ని" అంది. అరిచి ఉంటే బాగుండేది. ఆ నెమ్మదితనమే హిమబిందుకు ముల్లులా దిగింది.

"పోవద్దు. ఈడ కూర్చో" అని కుర్చీ చూపించి, శివశంకర్ సారు దగ్గరికి పోయింది.

సారు స్టేజి మీద కంపెనీల వాళ్లకు పూలగుత్తులు సర్దిస్తున్నాడు. మంచివాడే. కాకపోతే కంపెనీల వాళ్ల ఎదుట కాలేజీ పేరు పోతుందంటే ప్రాణం పోయినట్టు చేస్తాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"ఎంతమంది వచ్చిండారు?"

"ముగ్గురు సార్. ఇద్దరు పోయినారు."

"ఆయమ్మిని గూడా పంపించెయ్. టైపింగు మిస్టేకు అని గ్రూపులో సవరణ పెట్టు. వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏడు ఇంకో ఏడు ఎనకబడతాది సార్. అప్పుడు 2024 నుంచే అంటారు."

"అయితే నన్నేం చెయ్యమంటావు? కంపెనీ సిస్టమే తీసుకోదు గదా."

హిమబిందు చేతిలో నాలుగో కాగితం ఉంది, చేత్తో రాసినది. బీరువాలో మూడు మెయిళ్ల కింద ఉన్నది తీసుకొచ్చింది. సారుకు చదివి వినిపించింది. "ఇద్దరు మనుషులు కావలెను. ఏ డిగ్రీ అయినా, ఏ సంవత్సరమైనా ఫర్వాలేదు. ఫోనులో జంకు లేకుండా మాట్లాడవలెను." చదివి, "ఈయనకు సంవత్సరం పట్టింపు ల్యాదు సార్. నాలుగింటికీ కలిపి ఒకటే అర్హత రాసింది మనమే. టోకెన్ చేత్తో రాసిస్తా. పెద్ద కంపెనీల పరీక్షకు పంపను, ఈ ఒక్క టేబుల్‌కే పంపుతా" అంది.

సారు చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఎవురన్నా అడిగితే? పైనుంచి మాట వస్తే? అర్హత ల్యానోళ్లను లోపలికి తోలినారని రాస్తారు. ఆ టోకెన్‌కు నేను సంతకం పెట్టను."

"నేను పెడతా."

"ఊరికే గాదు బిందూ. పోస్టులో తప్పు నీదేనని సంజాయిషీ రాసి, సాయంత్రానికి నా టేబుల్ మీద పెట్టాల. జూన్‌లో నీ కాంట్రాక్టు రెన్యూవల్‌కు పోయేటప్పుడు ఆ కాగితం ఫైల్లోనే ఉంటాది. ఆలోచించుకో."

పదహారేళ్లలో ఏ జూన్‌లోనూ హిమబిందు ఫైల్లో ఒక్క కాగితం కూడా ఎక్కువ లేదు. అదొక్కటే ఆమెకు గట్టి నేల. గది అద్దె, మందుల చీటీ, అన్నకు భారం కాకుండా ఉండటం, అన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. అయినా ఆలోచించుకోవడానికి ఆమె ఎక్కువసేపు తీసుకోలేదు. "రాస్తా సార్" అని వచ్చేసింది.

రామకోటయ్యకు హాల్లో మూలకు, స్తంభం వెనక టేబుల్ వేశారు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, నుదుట బొట్టు. ముందర ఒక రూళ్ల పుస్తకం, పాలిష్ పట్టిన చిన్న బండముక్క ఒకటి, కాగితాల మీద బరువుకు. పొద్దున నుంచి ఒక్క పిల్లా పిల్లవాడూ ఆ పక్కకు రాలేదు. బెంగళూరు అన్న మాట వినపడే చోట యర్రగుంట్ల టేబుల్‌కు ఎవరొస్తారు?

"అయ్యా, ఒకమ్మిని పంపుతా. 2022లో పాసైంది" అంది హిమబిందు. "తప్పు నాది, ఆయమ్మిది గాదు" అని కూడా చెప్పింది.

"2022 అయితే ఏమమ్మా, నేను పదో తరగతి తప్పినోన్ని. పంపియ్యి. పొద్దుగాల నుంచి ఈ స్తంభంతోనే మాట్లాడతాండా" అన్నాడాయన.

శివజ్యోతి వచ్చి కూర్చుంది. మెమోలు తీసి ఇచ్చింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, ఒక్కొక్కటీ చూసి, వరస తప్పకుండా తిరిగి ఇచ్చేశాడు. జిరాక్సులు మాత్రం బండముక్క కింద పెట్టుకున్నాడు.

"మూడేండ్లు ఏం జేసినావమ్మా?"

"అవ్వ మంచంలో ఉండె సార్. నాకు ఆయమ్మ తప్ప ఎవురూ ల్యారు. ఆయమ్మకు నేను తప్ప ల్యారు. కడాకరి ఏడు బడిలో చెప్పినా."

ఆయన దాని గురించి ఇంకేమీ అడగలేదు. జాలి కూడా చూపలేదు. ఫోను తీసి, "పరీక్ష పెడతాలే. మా లారీ ఒకటి బండలేసుకోని బళ్లారికి పోయింది. డ్రైవరు పేరు హనుమేష్. పొద్దున నుంచి దింపే చోటు దొరకలేదని నన్ను తింటాండాడు. ఆయప్పకు కన్నడమే బాగొచ్చు. నువ్వు మాట్లాడు" అన్నాడు.

శివజ్యోతి ఫోను అందుకుంది. కోడుమూరు సంతలో కన్నడం వింటూ పెరిగిన పిల్ల. "అణ్ణా, ఎల్లిద్దీరి?" అంది. అన్నా, ఎక్కడున్నారు అని.

అవతల నుంచి తిట్ల వాన. హాల్లో ఆ మూలంతా వినపడింది. శివజ్యోతి ఫోను చెవికి రెండు వేళ్ల దూరంలో పెట్టుకొని, ఆ వాన వెలిసేదాకా ఆగింది. తర్వాత, "ఊట మాడిద్దీరా?" అని అడిగింది. అన్నం తిన్నారా అని. హనుమేష్ తినలేదన్నాడు. ముందు లారీ పక్కకు తీసి ఏదన్నా తినమంది. చుట్టూ ఏం కనిపిస్తాయో చెప్పమంది, దుకాణం బోర్డులు ఒక్కొక్కటీ చదివించుకుంది. రూళ్ల పుస్తకంలో రాసుకుంది. బండలు దింపాల్సిన ఇంటాయన నంబరు రామకోటయ్యను అడిగితే, ఆ మనిషి ఫోను ఎత్తడం లేదన్నాడు. "మేస్త్రీ నంబరు ఉండాదా సార్? ఇంటాయన ఎత్తకపోయినా మేస్త్రీ ఎత్తుతాడు, బండలు రాకపోతే ఆయప్ప పనే గదా ఆగిపోయేది" అంది. ఆయన వెతికిచ్చాడు. మేస్త్రీ రెండో రింగుకే ఎత్తాడు. హనుమేష్ నిలబడిన చోటికి రెండు వీధుల అవతలే ఇల్లు. ఒక పిల్లవాణ్ణి మెయిన్ రోడ్డు మీదికి పంపిస్తానన్నాడు.

ఇదంతా ఇరవై నిమిషాలు పట్టింది. హిమబిందు స్తంభానికి ఇవతల నిలబడి, టోకెన్లు సర్దుతున్నట్టు నటిస్తూ మొత్తం విన్నది. ఫోను పెట్టేశాక రామకోటయ్య, "మధ్యాన్నం చెప్తా. ఇంకెవురన్నా వస్తారేమో చూడాల గదా. వచ్చినోళ్లకు అన్యాయం జేయగూడదు" అన్నాడు.

మధ్యాహ్నం అందరికీ పులిహోర పొట్లాలు పంచారు. గుంపులు గుంపులుగా చెట్ల కింద కూర్చున్నారు పిల్లలు. శివజ్యోతి హాలు వెనక మెట్ల మీద ఒంటరిగా కూర్చుంది. హిమబిందు రోజూ గదిలో తలుపు వేసుకొని తింటుంది. ఆ రోజు డబ్బా తీసుకొని మెట్ల దగ్గరికి వచ్చింది.

"ఉగ్గాని తింటావా? ఎప్పుడూ మిగులుతాది నాకు."

"మా అవ్వ గూడా అంతే మేడం. ఇద్దరికే అయినా ఊరికంతా నానబెడతాండె." తిన్నది. "ఉప్పు తక్కువైంది" అంది తర్వాత.

హిమబిందు నవ్వింది. ఆమె వంటలో ఉప్పు ఎక్కువో తక్కువో చెప్పేవాళ్లు లేక పదేళ్లయింది.

"మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు మేడం?"

"నేనే."

శివజ్యోతి తల ఊపింది. ఎందుకని అడగలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు అడగరు. "రాత్రిపూట టీవీ పెట్టుకుంటారా?" అని మాత్రం అడిగింది.

"పెట్టుకుంటా. చూడను."

"నేను గూడా."

మూడింటికి రామకోటయ్య పిలిచాడు. ఆ మధ్యలో ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చి, జీతం అడిగి, ఊరు అడిగి, ఆలోచించుకొని చెప్తామని పోయారట. "వచ్చే సోమవారం రామ్మా. ఆఫీసు పనే. లారీలు, ఫోన్లు, బిల్లులు. ఆడపిల్లల హాస్టలు ఒకటి ఉండాది యర్రగుంట్లలో, మా ఆఫీసులో ఇంకోయమ్మ ఆడనే ఉంటాది. మూడు నెలలు చూస్తా. నచ్చకపోతే మొగం మీదనే చెప్తా, నువ్వు గూడా చెప్పు." రూళ్ల పుస్తకంలోంచి కాగితం చింపి, జీతం, చేరే తేదీ రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. హిమబిందు దాన్ని తీసుకొని, ఫ్యాక్టరీ ముద్ర కూడా వేయించి, ఒక జిరాక్సు తీసి ఆఫీసు ఫైల్లో పెట్టుకుంది. "ఒరిజినల్స్ యాడా ఇయ్యద్దు" అని శివజ్యోతికి మళ్లీ చెప్పింది. పోస్టులో రాసిన మాటే. అదొక్కటైనా సరిగా రాసింది.

నాలుగున్నరకు కోడుమూరు బస్సు. బస్టాండుకు ఆటో ఎక్కేముందు శివజ్యోతి, "మీరు ఎప్పుడన్నా యర్రగుంట్లకు రండి మేడం" అంది. ప్రొద్దుటూరుకు దగ్గర్లోనే యర్రగుంట్ల. అన్న ఇంటికి పోయినప్పుడు ఇంకో అర్ధగంట బస్సులో పోతే చాలు. హిమబిందు ఆ మాట చెప్పబోయింది. ఆటోవాడు తొందరపెట్టాడు. "వస్తాలే" అని మాత్రం అంది. ఆటో మలుపు తిరిగిన తర్వాత కూడా ఆమె అక్కడే నిలబడి ఉంది. వెనక హాల్లో కుర్చీలు ఒకదానిలో ఒకటి దూరుస్తున్న చప్పుడు.

ఐదు దాటాక గదికి వచ్చి, సంజాయిషీ రాయడానికి కూర్చుంది. సారు ఒక నమూనా పంపాడు. ‘అనుకోని సాంకేతిక కారణాల వలన’ అని మొదలవుతుంది. అట్లాంటి కాగితాలన్నీ అట్లాగే మొదలవుతాయి. ఆమె దాన్ని పక్కన పెట్టి, తెల్ల కాగితం మీద చేత్తో రాసింది: పోయిన ఏటి పోస్టు నుంచి 2022ను తీసెయ్యలేదు. ఒక అభ్యర్థి ముందుగానే అడిగినా మెయిల్ చూడకుండా రమ్మని జవాబిచ్చాను. ముగ్గురు వచ్చారు. ఇద్దరు తిరిగి వెళ్లారు. తప్పు నాదే. ఐదు వరసలే అయ్యాయి. సంతకం చేసి కవరులో పెట్టింది. ఆదోని నుంచి వచ్చిన ఆ ఇద్దరి నంబర్లు తీసి, నాలుగో కంపెనీకి సంవత్సరం పట్టింపు లేదని, ఒక మనిషి ఖాళీ ఇంకా ఉందని, వాళ్లు కావాలంటే తానే ఆయనతో మాట్లాడతానని రాసి పంపింది. ఒకరు చూశారు. జవాబు రాలేదు.

ఇక మేనేజ్‌మెంటుకు పంపే రిపోర్టు. వచ్చినవాళ్లు, పరీక్షకు కూర్చున్నవాళ్లు, ఎంపికైనవాళ్లు. సంవత్సరాల వారీగా గడులు ముందే ముద్రించి ఉన్న ఫారం అది. 2023, 2024, 2025. ఎంపికైనవాళ్లను ఒక్కొక్కరినీ లెక్కవేసి నింపింది. మొత్తం దగ్గరికి వచ్చేసరికి జాబితాలోని పేర్ల ప్రకారం ముప్పై ఒకటి రావాలి, ముప్పై వచ్చింది. రెండోసారి కూడినా ముప్పైయే.

ఓబుళేశు తాళాల గుత్తి పట్టుకొని తలుపు దగ్గరికి వచ్చాడు. "బిందమ్మా, అందరూ పోయినారు. లైటు నీదొక్కటే ఎలగతాండాది. తాళమేద్దునా?"

"ఒక్క నిమిషమప్పా."

సొరుగులోంచి స్కేలు తీసింది. 2023 గడికి ఎడమ పక్క, మార్జిన్‌లో, పైనుంచి కిందికి ఒక గీత గీసింది. చోటు చాలక గడి సన్నగా వచ్చింది. పైన 2022 అని చిన్న అక్షరాలతో రాసి, కింద ఒకటి వేసింది.